స్క్రీన్‌షాట్లలోంచి బీపీ పట్టిక: డాక్టరు గారి చేతికి ఒక్క కాగితం

ఇంట్లో ఎవరో ఒకరు ఇంజనీరింగ్ చదువుతుంటే ఫోన్‌లో ఉన్న ప్రతి పనీ వాళ్ల నెత్తి మీదకే వస్తుంది కదా. కరెంటు బిల్లు, రైలు టికెట్టు, ఆధార్ అప్‌డేట్, అన్నీ మనమే. ఈ నవంబరులో ఆ జాబితాలోకి కొత్త పని ఒకటి చేరింది. మా పెద్దమ్మకి డాక్టరు గారు ఒక వారం పాటు ఇంట్లోనే బీపీ చూసుకుని రాసి తెమ్మన్నారు. ఇంట్లో ఉన్న మిషను బ్లూటూత్ ద్వారా వదిన ఫోన్‌లోని యాప్‌కి రీడింగులు పంపుతుంది. వారం అయ్యాక వదిన ఆ యాప్‌ని ఆరు స్క్రీన్‌షాట్లు తీసి నాకు వాట్సాప్ చేసింది. వెనకాలే పెద్దమ్మ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్: "ఒరే బాబూ, ఆ బొమ్మల్లో ఉన్నదంతా ఒక కాయితం మీద రాసీ. డాక్టరు బాబుకి ఫోను సూపిత్తే ఆయన ఎన్నని సూత్తాడు?"

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. బయట వరుసలో పాతికమంది ఉన్నప్పుడు ఆరు స్క్రీన్‌షాట్లు వేలితో జరుపుకుంటూ చూసే తీరిక ఏ డాక్టరుకీ ఉండదు. ఆయనకి కావలసింది ఒక్క కాగితం. తేదీలు, పొద్దున్న ఎంత, సాయంత్రం ఎంత, రోజు సగటు ఎంత. చూడ్డానికి పది నిమిషాల పనిలా కనిపిస్తుంది గానీ, తప్పు దొర్లితే తగిలేది మందు మోతాదుకి. అందుకే ఆ పని ఎలా చెయ్యాలో, ఎక్కడ జారిపోతామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా వైపు ఈ కాగితం ఎందుకు బరువైనది

పెద్దమ్మ వాళ్లది కవిటి మండలం. అంటే ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటల నేల. అదే నేల మీద దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి మనుషుల్ని తినేస్తోంది. కారణం ఇదీ అని తేల్చి చెప్పడం ఇంతవరకూ కుదరలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, దానితోపాటు 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైనవి ఈ జబ్బు కోసమే.

కిడ్నీకీ బీపీకీ రెండు వైపులా సంబంధం ఉంది. బీపీ ఎక్కువగా ఉంటే కిడ్నీలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. కిడ్నీ దెబ్బతింటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి బీపీ ఇంకా పెరుగుతుంది. అందుకని క్రియాటినిన్ కాస్త ఎక్కువగా ఉన్న మనిషికి బీపీ మందు పెంచాలా, అలాగే ఉంచాలా, వేసుకునే వేళ మార్చాలా అన్నది డాక్టరు చాలా జాగ్రత్తగా తేల్చే విషయం. ఆసుపత్రిలో ఒక్కసారి చూసిన బీపీ దీనికి చాలదు. ప్రయాణం, కంగారు, తెల్లకోటు భయం, అన్నీ అందులో కలిసిపోతాయి. ఇంట్లో వారం రోజుల రీడింగులు అడిగేది అందుకే.

ముందు, రీడింగులు ఎలా తీస్తారు

పట్టిక వేసేవాడికి ఈ పద్ధతి తెలియాలి. లేకపోతే ఏది ఏ గడిలో పెట్టాలో అర్థం కాదు. ఇంట్లో కొలిచే బీపీకి ఎక్కువగా వాడే పద్ధతి ఇదీ: ఏడు రోజులు, పొద్దున్న రెండు సార్లు, సాయంత్రం రెండు సార్లు. రెండింటి మధ్య ఒక నిమిషం ఆగాలి. పొద్దున్నది మాత్ర వేసుకోకముందు చూడాలి. కొలిచే ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపుకి ఆనుకుని, కాళ్లు నేల మీద ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టుకుని, మాట్లాడకుండా. మొదటి రోజు రీడింగులు రాసి ఉంచుతారు గానీ వారం సగటులో కలపరు, అలవాటు లేని కంగారు వల్ల అవి కొంచెం ఎక్కువగా వస్తాయి గనక. ఇలా వచ్చిన సగటు 135/85 దగ్గర గానీ దానికి పైన గానీ ఉంటే ఎక్కువ కిందే లెక్క అని చాలా మార్గదర్శకాలు చెబుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి లక్ష్యం ఎంత ఉండాలన్నది డాక్టరే చెప్పాలి.

ఒక జాగ్రత్త. పై అంకె 180 గానీ కింది అంకె 120 గానీ దాటి, దానితో ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబడడమో, చెయ్యి కాలు పట్టు తప్పడమో ఉంటే పట్టికా గిట్టికా పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

తేదీ ఎక్కడిది?

స్క్రీన్‌షాట్ ఒకటే అయినా అందులో నాలుగు రకాల తేదీలు, వేళలు కలిసి ఉంటాయి. వాటిలో మనకి పనికొచ్చేది ఒక్కటే.

మొదటిది ఫైలు పేరులోని తేదీ. వదిన ఫోన్‌లో ఫైలు పేరు `Screenshot_20251110-071503.jpg` లాంటిది. అది స్క్రీన్‌షాట్ తీసిన వేళ. వాట్సాప్‌లో నాకు చేరేసరికి పేరే మారిపోయి `IMG-20251110-WA0003.jpg` అయింది. ఈ రెండింటికీ బీపీ చూసిన రోజుకీ సంబంధం లేదు. రెండోది స్క్రీన్ పైన మూలలో ఉండే ఫోన్ గడియారం. అదీ స్క్రీన్‌షాట్ తీసినప్పటిదే. మూడోది యాప్ శీర్షికలో ఉండే వారం పరిధి. నాలుగోది ఒక్కో రీడింగు పక్కన చిన్న అక్షరాలతో ఉండే తేదీ, వేళ. మనకి కావలసింది ఇదే.

ఆ చిన్న అక్షరాలలోనూ ఒక మెలిక ఉంది. యాప్ తేదీని `11/03/2025` అని చూపిస్తోంది. మన అలవాటులో అది మార్చి 11. అమెరికా అలవాటులో నవంబరు 3. వారంలోని అన్ని తేదీలూ 12 లోపే ఉన్నాయి గనక చూడగానే తేల్చలేం. దీన్ని తేల్చే ఉపాయం సులువు. 12 కన్నా పెద్ద అంకె ఉన్న పాత వరుస ఒకటి వెతకాలి. ఆరో స్క్రీన్‌షాట్ అడుగున మిషను కొన్నప్పటి పాత రీడింగు ఒకటి `10/28/2025` అని ఉంది. 28వ నెల లేదు కదా, కాబట్టి ముందున్నది నెల. అయితే ఈ తేదీని ఉన్నదున్నట్టు షీట్‌లో కొడితే, షీట్ భారత దేశపు అమరికలో ఉంటే, అది మళ్లీ మార్చి 11 అయిపోతుంది. అందుకని షీట్‌లో `2025-11-03` అని సంవత్సరం ముందు పెట్టి కొట్టాలి. కొట్టాక అది గడిలో కుడి వైపుకి జరిగితే షీట్ దాన్ని తేదీగా గుర్తించినట్టు. ఎడమ వైపే ఉండిపోతే మామూలు అక్షరాలుగా తీసుకుందన్నమాట, అప్పుడు లెక్కలు రావు.

వరుసలు దింపడం

షీట్‌లో తొమ్మిది నిలువు వరుసలు పెట్టాను: ఫైలు పేరు (A), యాప్‌లోని తేదీ (B), వేళ (C), లెక్కకు తేదీ (D), పూట (E), పై అంకె (F), కింది అంకె (G), నాడి (H), గమనిక (I). పూటకి పొద్దున్న అయితే `M`, సాయంత్రం అయితే `E`. ఫైలు పేరు ఎందుకంటే, తరవాత ఏ అంకె మీద అనుమానం వచ్చినా ఏ బొమ్మ తెరవాలో తెలియాలి.

బొమ్మలోంచి అక్షరాలు లాగే ఓసీఆర్ ప్రోగ్రాములు ఉన్నాయి. టెసరాక్ట్ ఉచితం, ల్యాప్‌టాప్‌లో ఇలా నడుస్తుంది:

```
tesseract bp01.jpg bp01 --psm 6
```

`bp01.txt` అనే ఫైలు వస్తుంది. మూడు నెలల రీడింగులైతే ఇది చాలా కష్టం తప్పిస్తుంది. వారం రోజులకైతే ఒకరు చదువుతూ ఉంటే ఇంకొకరు కొట్టడమే త్వరగా అయిపోద్ది. ఎలా దింపినా చివర్న ప్రతి వరుసనీ బొమ్మతో సరిచూడడం మాత్రం తప్పదు. ఇంకో మాట, వాట్సాప్ బొమ్మల్ని నొక్కి చిన్నవి చేస్తుంది, అంకెల అంచులు మసకబారతాయి. పంపేవాళ్లని డాక్యుమెంటుగా పంపమంటే అసలు బొమ్మే వస్తుంది. ఇంకా ముందుగా, యాప్‌లో రీడింగుల్ని ఫైలుగా పంపే సదుపాయం ఉందేమో అడగండి. ఉంటే ఈ దింపుడు పనే లేదు. వదిన యాప్‌లో దానికి డబ్బు కట్టమంటోంది.

ఆరు బొమ్మల్లోంచి 31 వరుసలు వచ్చాయి. తెరని పైకి జరుపుతూ తీసిన స్క్రీన్‌షాట్లు గనక ఒక బొమ్మ అడుగున ఉన్న వరుస తరవాతి బొమ్మ పైన మళ్లీ వస్తుంది. అలాంటివి నాలుగు. తేదీ, వేళ, మూడు అంకెలూ అన్నీ ఒకటే అయితేనే, అదీ పక్కపక్క బొమ్మల్లో ఉంటేనే, ఒకటి తీసెయ్యాలి. అంకెలు మాత్రమే ఒకటై వేళ వేరైతే అవి రెండు వేరు రీడింగులు, ముట్టుకోకూడదు. తీసేశాక 27 మిగిలాయి.

యాప్ మొదటి తెర మీద పెద్ద అక్షరాలతో ఒక అంకె మెరుస్తుంటుంది. అది రీడింగు కాదు, యాప్ తనకు తోచినట్టు వేసుకున్న సగటు. పక్కన వేళ లేని అంకెని పట్టికలోకి రానివ్వకండి.

చదవడంలో తప్పా, నిజంగానే ఎక్కువా?

27 వరుసల్లో రెండు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించాయి. నవంబరు 7 సాయంత్రం రెండో రీడింగు 176/76 అని పడింది. నవంబరు 8 సాయంత్రం మొదటిది 164/92. రెండూ ఎక్కువే, కానీ రెండూ ఒకటి కాదు.

7వ తేదీది చూడండి. నిమిషం ముందు రీడింగు 128/76. ఒక్క నిమిషంలో పై అంకె 48 పెరిగి, కింది అంకె కదలకుండా ఉండడం అరుదు. బొమ్మ తెరిచి పెద్దది చేసి చూస్తే అది 126. మసక బొమ్మలో 2 కాస్తా 7 అయింది. ఇలాగే 1, 7 తారుమారవుతాయి, 6, 8 తారుమారవుతాయి. నాడి అంకె కింది అంకె గడిలోకి జారిపోవడం ఇంకో రకం తప్పు. పై అంకె ఎప్పుడూ కింది అంకె కన్నా పెద్దదిగా ఉందా, పక్క రీడింగుతో తేడా 20 దాటిందా అని ఒకసారి చూసుకుంటే ఇలాంటివి చాలావరకు దొరుకుతాయి. దొరికినవాటిని ఊహించి దిద్దకూడదు, బొమ్మ చూసే దిద్దాలి.

8వ తేదీది బొమ్మలో కూడా 164/92 అనే ఉంది. వదినకి ఫోన్ చేశాను.

"ఆ రోజు అత్తమ్మ మేడ మీద ఆరబెట్టిన వడ్లు ఎత్తుకొచ్చి అలాగే కూచున్నాది. ఎక్కువొచ్చిందని అయిదు నిమిషాలు ఆగి మళ్లీ రెండు సార్లు చూశాం. అది తీసెయ్ మరిదీ, డాక్టరు గారు కంగారు పడతారు."

తీసెయ్యలేదు. అది మిషను నిజంగా చూపించిన అంకె. ఏది లెక్కలోకి తీసుకోవాలో, ఏది వదలాలో డాక్టరు చూసుకుంటారు. మన పని దాన్ని ఉంచి పక్కన "మేడ దిగి వెంటనే చూసినది" అని రాయడం. చదవడంలో జరిగిన తప్పుని దిద్దాలి, నచ్చని నిజాన్ని దిద్దకూడదు. ఈ పనిలో మొదటి సూత్రం ఇదే.

అర్ధరాత్రి దాటిన రీడింగు

నవంబరు 5 కార్తీక పౌర్ణమి. దీపాలు పెట్టి, ఉపవాసం విడిచి, అందరూ సర్దుకునేసరికి అర్ధరాత్రి దాటిపోయింది. ఆ పూట రీడింగులు యాప్‌లో నవంబరు 6, `12:12 AM`, `12:14 AM` అని ఉన్నాయి. ముందు ఇది మధ్యాహ్నం పన్నెండు కాదని గుర్తించాలి. తరవాత ఇవి ఏ రోజువి?

యాప్ ప్రకారం 6వి. మనిషి రోజు ప్రకారం 5వ తేదీ సాయంత్రం పూటవి. పైగా 6వ తేదీ సాయంత్రం పెద్దమ్మ అలసిపోయి పడుకుంది, బీపీ చూడనే లేదు. యాప్ తేదీనే పట్టుకుంటే 5కి పొద్దున్నవి మాత్రమే మిగిలి సగటు 152/90 వస్తుంది, 6కి నాలుగు రీడింగులూ ఉన్నట్టే కనిపించి 143/85 వస్తుంది. మనిషి రోజు ప్రకారం వేస్తే 5కి 144/86, 6కి 150/88. పైగా 6 సాయంత్రం ఖాళీ అన్న నిజం కూడా బయటపడుతుంది. అందుకే షీట్‌లో రెండు తేదీల వరుసలు పెట్టాను. యాప్‌లోని తేదీని ఎప్పటికీ మార్చం. లెక్కకు తేదీ అన్నచోట మాత్రం 5 వేసి, ఎందుకు వేశామో గమనికలో రాస్తాం.

ఖాళీని ఖాళీగానే వదలాలి. సున్నా వేస్తే షీట్ దాన్ని కూడా రీడింగు అనుకుంటుంది. 6వ తేదీకి రెండు సున్నాలు వేస్తే సగటు 150 కాస్తా 75 అయి కూర్చుంటుంది.

సగటు

రెండో షీట్‌లో A వరుసలో తేదీలు పెట్టి, మొదటి షీట్ పేరు `BP` అనుకుంటే, రోజు సగటు పై అంకెకి ఇదీ సూత్రం:

```
=IFERROR(AVERAGEIFS(BP!F:F, BP!D:D, A2), "")
```

పొద్దున్నకి మాత్రమే కావాలంటే చివర్న ఇంకో షరతు చేర్చాలి:

```
=IFERROR(AVERAGEIFS(BP!F:F, BP!D:D, A2, BP!E:E, "M"), "")
```

సాయంత్రానికి `"E"`. కింది అంకెకి `F:F` బదులు `G:G`. రీడింగులు లేని పూట గడి ఖాళీగా ఉండేది `IFERROR` వల్ల. ఆ రోజు ఎన్ని రీడింగులు ఉన్నాయో కూడా పక్కన చూపించాలి:

```
=COUNTIFS(BP!D:D, A2)
```

దశాంశాలు డాక్టరుకి అక్కర్లేదు. గడి చూపించే తీరుని పూర్ణాంకానికి మార్చుకుంటే చాలు, లోపల అసలు విలువ అలాగే ఉంటుంది. వచ్చిన పట్టిక ఇదీ:

| నవంబరు 2025 | పొద్దున్న | సాయంత్రం | రోజు సగటు | రీడింగులు |
|---|---|---|---|---|
| 3 సోమ | 152/89 | 134/80 | 143/85 | 4 |
| 4 మంగళ | 148/87 | 129/77 | 139/82 | 4 |
| 5 బుధ | 152/90 | 136/81 | 144/86 | 4 |
| 6 గురు | 150/88 | చూడలేదు | 150/88 | 2 |
| 7 శుక్ర | 145/85 | 127/76 | 136/81 | 4 |
| 8 శని | 148/86 | 143/83 | 145/84 | 5 |
| 9 ఆది | 147/87 | 129/78 | 138/83 | 4 |

ఒక్కటి చేత్తో వేసి చూడండి. 4వ తేదీ పై అంకెలు 150, 146, 130, 128. మొత్తం 554, నాలుగుతో భాగిస్తే 138.5, అంటే 139. షీట్ చెప్పినదీ అదే. కనీసం ఒక్క రోజుకైనా ఇలా చేత్తో సరిచూస్తే సూత్రంలో తప్పుంటే అక్కడే దొరికిపోద్ది.

ఇక వారం సగటు. మొదటి రోజు వదిలేస్తే 23 రీడింగులు మిగులుతాయి. పై అంకెల మొత్తం 3250, కింది అంకెల మొత్తం 1920. భాగిస్తే 141/83. కొందరు రోజు సగటుల్ని మళ్లీ సగటు వేస్తారు. అలా చేస్తే 142/84 వస్తుంది, ఎందుకంటే రెండే రీడింగులున్న 6వ తేదీకి అయిదు రీడింగులున్న 8వ తేదీతో సమానమైన బరువు పడుతుంది. ఇక్కడ తేడా ఒకటే గానీ, ఖాళీలు ఎక్కువ ఉన్న వారంలో బాగా పెరుగుతుంది. ఏ పద్ధతి వాడామో కాగితం అడుగున ఒక లైను రాస్తే గొడవ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. రోజు సగటు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే డాక్టరుకి కనిపించేది 141/83. పూటల వారీగా విడదీస్తే, మొదటి రోజు వదిలి, పొద్దున్న సగటు 148/87, సాయంత్రం సగటు 134/79. పొద్దున్న మాత్ర వేసుకోకముందు గీతకి బాగా పైన, సాయంత్రం గీతకి కాస్త కింద. రోజు సగటు ఈ రెంటినీ కలిపేసి, ఏ పూటా నిజంగా లేని ఒక అంకెని చూపిస్తుంది. మందు ప్రభావం తెల్లవారేదాకా నిలవడం లేదా, ఇంకేదైనా కారణమా అన్నది డాక్టరు తేలుస్తారు. మనం చెప్పకూడదు, మాత్ర వేళ మనంతట మనం మార్చకూడదు. కానీ ఆ ప్రశ్న ఆయనకి తట్టాలంటే రెండు పూటలూ కాగితం మీద విడివిడిగా కనిపించాలి.

కాగితం మీద ఏముండాలి

ఏ4 కాగితం ఒకటి చాలు. పైన పేరు, వయసు, ఏ చేతికి చూశారు, మిషను మోడల్, ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు ఏ వేళకి వేసుకుంటున్నారు. మధ్యలో పై పట్టిక. దాని కింద వారం సగటు, పొద్దున్న సగటు, సాయంత్రం సగటు. అడుగున గమనికలు మూడే: 5వ తేదీ సాయంత్రం రీడింగులు అర్ధరాత్రి దాటాక తీసినవి, 6వ తేదీ సాయంత్రం చూడలేదు, 8వ తేదీ సాయంత్రం మొదటిది మేడ దిగి వెంటనే చూసిన 164/92. వెనక వైపు 27 రీడింగులూ వేళలతో సహా, చిన్న అక్షరాల్లో. డాక్టరు ముందు వైపు చూస్తారు, అనుమానం వస్తే తిప్పుతారు. అక్షరాలు మాత్రం పెద్దమ్మ కూడా కళ్లజోడు పెట్టుకుని చదువుకోగలిగేంత ఉండాలి, ఎందుకంటే ఆ అంకెలు ఆవిడవి.

వీలైతే మిషనుని కూడా సంచిలో పెట్టి పంపండి. ఆసుపత్రి మిషనుతో ఒకసారి, ఇంటి మిషనుతో ఒకసారి పక్కపక్కన చూస్తే ఇంటిది ఎక్కువ చూపిస్తోందా, తక్కువ చూపిస్తోందా తెలుస్తుంది. పట్టీ చేతికి వదులైనా బిగుతైనా అంకెలన్నీ ఒకే వైపుకి జరిగిపోతాయి. ఆ తప్పుని ఏ షీటూ, ఏ సూత్రమూ కనిపెట్టలేదు.